సీసా మారితే కొలత మారుతుంది: ఎంజీ, ఎంఎల్, చెంచా, చుక్క, ఐయూ లెక్కలు తప్పకుండా వేసుకోవడం

“పాపకి పోయినసారి ఒకటిన్నర పట్టామండీ, ఇప్పుడూ అంతే పట్టొచ్చా?”

మందుల షాపు కౌంటరు వెనక నేను తరచూ వినే ప్రశ్న ఇది. ఒకటిన్నర అంటే చెంచాలా, ఎంఎలా, డ్రాపర్లా? పోయినసారి వాడింది ఏ సీసా? ఇవి తెలియకుండా అవునని గానీ కాదని గానీ చెప్పలేను. అడిగితే చాలామందికి అంకె గుర్తుంటుంది, దాని వెనక ఉండాల్సిన కొలత పేరు గుర్తుండదు, సీసా అసలే గుర్తుండదు. పిల్లల మందుల్లో నేను చూసిన పొరపాట్లు చాలావరకు ఇక్కడే పుట్టాయి. అందుకే పిల్లల జ్వరం మందు పారాసిటమాల్‌ను ఉదాహరణగా పెట్టుకుని లెక్క మొత్తం చెబుతాను. తర్వాత ఐయూల సంగతి చూద్దాం.

మొదటి మెట్టు: డోసు వేరు, కొలత వేరు

డాక్టరు మనసులో ఉండే లెక్క మిల్లీగ్రాముల్లో ఉంటుంది. అది మందు బరువు. మన చేతిలో ఉన్నది ద్రవం, దాన్ని ఎంఎల్‌లో కొలుస్తాం. ఒక ఎంఎల్‌కి ఇన్ని ఎంజీలు అని అన్ని మందులకూ సరిపోయే అంకె లేదు. ఆ సంబంధం చెప్పేది సీసా మీది గాఢత ఒక్కటే. లేబుల్ మీద “ప్రతి 5 ఎంఎల్‌లో పారాసిటమాల్ ఇన్ని ఎంజీ” అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. బ్రాండు పేరు కంటే ముందు చదవాల్సింది ఆ వరసే.

మన దగ్గర పారాసిటమాల్ ద్రవం మామూలుగా మూడు రకాలుగా దొరుకుతుంది. పసిపిల్లల డ్రాప్స్‌లో 1 ఎంఎల్‌కి 100 ఎంజీ ఉంటుంది. మామూలు సిరప్‌లో 5 ఎంఎల్‌కి 125 ఎంజీ, కొన్ని కంపెనీల్లో 120. డబుల్ స్ట్రెంత్ సిరప్‌లో 5 ఎంఎల్‌కి 250 ఎంజీ. పోల్చాలంటే అన్నిటినీ ఒక ఎంఎల్‌కి తేవాలి. అలా చూస్తే డ్రాప్స్‌లో 100, మామూలు సిరప్‌లో 25, డబుల్ స్ట్రెంత్‌లో 50.

డ్రాప్స్ సీసా చిన్నది, పసిపిల్లలది, కాబట్టి మందు పలుచగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అన్నిటికంటే చిక్కనిది అదే. పసిబిడ్డ ఎక్కువ ద్రవం మింగలేడు కాబట్టి, కొంచెంలోనే ఎక్కువ మందు పట్టేలా దాన్ని తయారుచేస్తారు.

రెండో మెట్టు: బిడ్డ బరువుతో లెక్క

పారాసిటమాల్ ఒక డోసు కిలో బరువుకి 10 నుంచి 15 ఎంజీ. రెండు డోసుల మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి, రోజు మొత్తంలో నాలుగు సార్లు దాటకూడదు. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం వస్తే ఇంట్లో లెక్క వేయకండి, నేరుగా డాక్టరుకు చూపించండి.

వయసును బట్టి బరువు ఊహించవద్దు. ఏడాది బిడ్డలు ఏడున్నర కిలోల వాళ్లూ ఉంటారు, పదకొండు కిలోల వాళ్లూ ఉంటారు. అమ్మ బిడ్డను ఎత్తుకుని తూకం మీద నిలబడి, తర్వాత ఒక్కతే నిలబడి, తేడా చూసుకుంటే చాలు.

పాప 10 కిలోలు అనుకుందాం. ఒక డోసు 100 నుంచి 150 ఎంజీ మధ్య ఉండాలి. డాక్టరు 150 ఎంజీ అన్నారు. కావాల్సిన ఎంజీని ఒక ఎంఎల్‌లో ఉన్న ఎంజీతో భాగించాలి.

డ్రాప్స్: 150 ÷ 100 = 1.5 ఎంఎల్
మామూలు సిరప్: 150 ÷ 25 = 6 ఎంఎల్
డబుల్ స్ట్రెంత్: 150 ÷ 50 = 3 ఎంఎల్

ముగ్గురు తల్లులు మూడు వేర్వేరు అంకెలు చెప్పినా, ముగ్గురూ పట్టించింది ఒకే మందు, ఒకే డోసు. ఇప్పుడు పై ప్రశ్నకు తిరిగి వద్దాం. ఆ ఇంట్లో పోయినసారి వాడింది డ్రాప్స్ అయి, ఈసారి మామూలు సిరప్ కొన్నారనుకోండి. అదే ఒకటిన్నర పట్టిస్తే పాపకు చేరేది 37.5 ఎంజీ, అంటే కావాల్సిన దాంట్లో నాలుగో వంతు. జ్వరం తగ్గదు. మందు పనిచేయలేదనుకుని గంటలోనే మళ్లీ పట్టిస్తారు, లేదా ఇంకో సిరప్ జతచేస్తారు. జలుబు సిరప్‌లలో చాలావాటిలో కూడా పారాసిటమాల్ ఉంటుంది కాబట్టి, లెక్క అక్కడ చేయి దాటిపోతుంది.

తిరగేసి చూస్తే ఇంకా ప్రమాదం. ఇంట్లో వాళ్లకు సిరప్ నాటి “ఆరు” గుర్తుంది, రాత్రిపూట దొరికింది డ్రాప్స్ సీసా. ఆరు ఎంఎల్ పోస్తే 600 ఎంజీ. పది కిలోల పాపకు ఒక్క డోసులోనే కిలోకి 60 ఎంజీ, నాలుగు రెట్లు. రోజుకు నాలుగు సార్లు అలాగే పడితే 2400 ఎంజీ అవుతుంది, అది కాలేయాన్ని దెబ్బతీసే మోతాదు.

ఎంఎల్ అంకె వచ్చాక ఒకసారి వెనక్కి లెక్క వేయండి. 6 ఎంఎల్‌ని 25తో గుణిస్తే 150 వచ్చింది. దాన్ని 10 కిలోలతో భాగిస్తే 15. పది, పదిహేనుల మధ్య ఉంది కాబట్టి సరిపోయింది. ఈ వెనక లెక్కలో 40, 60 లాంటి అంకె కనబడితే ఎక్కడో గాఢత తప్పు చదివినట్టు. నేను కౌంటరులో ప్రతి పిల్లల సీసాకీ ఇలాగే రెండు వైపులా లెక్క వేస్తాను. ఎన్నేళ్లయినా నోటిలెక్క మీద నమ్మకం పెట్టుకోలేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇక్కడ ఒక చిక్కుంది. అక్కడ పిల్లల పారాసిటమాల్‌ను ఎసిటమినోఫెన్ అంటారు. పసిపిల్లల చిక్కటి డ్రాప్స్‌ వల్ల తికమక జరుగుతోందని 2011లో కంపెనీలు వాటిని ఆపి, అన్నిటినీ 5 ఎంఎల్‌కి 160 ఎంజీకి మార్చడం మొదలుపెట్టాయి. అంటే ఒక ఎంఎల్‌కి 32. మన 10 కిలోల పాపకు 4.5 ఎంఎల్ పోస్తే 144 ఎంజీ. సరిగ్గా భాగహారం కుదరనప్పుడు ఇలా కింది గీతకు సర్దుకోవాలి గానీ పైకి కాదు. అమ్మమ్మ ఇండియా నుంచి పట్టుకెళ్లిన డ్రాప్స్ సీసాకి అక్కడి పిల్లల డాక్టరు చెప్పిన 4.5 వాడితే 450 ఎంజీ అవుతుంది. పేర్లు వేరు కాబట్టి రెండూ వేర్వేరు మందులనుకుని ఒకదాని వెంట ఒకటి ఇవ్వడం కూడా జరుగుతుంది. ఒక ఇంట్లో ఒక జ్వరానికి ఒకే సీసా ఉంచుకోమని చెబుతాను.

మూడో మెట్టు: చెంచాను వదిలేయడం

కాగితం మీద టీ స్పూను 5 ఎంఎల్, టేబుల్ స్పూను 15 ఎంఎల్. వంటింటి చెంచాకు ఈ లెక్క తెలియదు. మా ఇంట్లోవే సిరంజీతో నీళ్లు పోసి కొలిచాను. పంచదార డబ్బాలో ఉండేది 3 ఎంఎల్ దగ్గర పొర్లింది, ఉప్మా తినేది 8 దాకా పట్టింది. 5 ఎంఎల్ అన్న చోట 8 పోస్తే అరవై శాతం ఎక్కువ.

“పెద్ద చెంచా”, “చిన్న చెంచా” అనే మాటలు ఇంకా చిక్కు. డాక్టరు టీ స్పూను అన్నది ఇంటికి వచ్చేసరికి ఒట్టి “స్పూను” అవుతుంది, నాయనమ్మ చేతిలో అది గరిటె పక్కన ఉన్న పెద్ద స్పూను అవుతుంది. మూడు రెట్ల తేడా అంత తేలిగ్గా వచ్చేస్తుంది. నాటు వైద్యంలో గురివిందగింజంత, కందిగింజంత అని చెప్పేవారు. గింజ ఎవరింట్లోదైనా దాదాపు అంతే ఉంటుంది. స్టీలు చెంచాకు ఆ నిలకడ లేదు. ఉగ్గుగిన్నె బిడ్డకు పట్టించడానికి చక్కగా ఉంటుంది, కానీ కొలిచేది దానితో కాదు. సిరంజీతో కొలిచి అందులో పోసుకోవచ్చు.

చీటీలో స్పూనని ఉంటే, షాపులోనే “ఎన్ని ఎంఎల్ అండీ?” అని అడిగి సీసా మీద రాయించుకోండి. సూది లేని 5 లేదా 10 ఎంఎల్ నోటి సిరంజీ కొనుక్కోండి. దానికి చిన్న మూత ఉంటే ముందే తీసి పారేయండి, అది బిడ్డ గొంతులోకి పోయే వస్తువు. సీసాను బాగా కుదపండి. పారాసిటమాల్ సస్పెన్షన్‌లో మందు అడుగుకు దిగుతుంది, కుదపకపోతే మొదటి రోజుల్లో పలుచన, చివరి రోజుల్లో చిక్కన అవుతుంది. మందు లాగాక సిరంజీని నిలువుగా పట్టి గాలి బుడగ తోసేయండి. పిస్టను పై అంచు గీతకు తాకిందో లేదో కంటి ఎత్తులో పెట్టి చూడండి. సీసా మూతతో కొలిచినా అంతే, బల్ల మీద పెట్టి వంగి చూడాలి. చేత్తో పైకెత్తి చూస్తే తప్పు గీత కనిపిస్తుంది.

పొడి రూపంలో వచ్చే యాంటీబయాటిక్ సీసాల సంగతి ఒక్క మాట. కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోస్తేనే లేబుల్ మీది ఎంజీ అంకె నిజమవుతుంది. కొంచెం పోసి కుదిపి, నురగ దిగాక మిగతాది గీత దాకా నింపాలి. నురగను గీతనుకుని ఆపేస్తే ప్రతి డోసూ చిక్కనవుతుంది.

నాలుగో మెట్టు: చుక్క అంటే ఏ చుక్క?

“డ్రాప్స్” అనే మాటకు మన వాడుకలో రెండు అర్థాలున్నాయి. ఒకటి చుక్క. రెండోది, గీతలున్న డ్రాపర్‌తో వచ్చే చిన్న సీసా. జ్వరం డ్రాప్స్‌లో చుక్కలు లెక్కపెట్టే పని సాధారణంగా లేదు, డ్రాపర్ మీద ఉన్న ఎంఎల్ గీత దాకా లాగాలి. “డ్రాప్స్ ఒకటి వేయండి” అని ఎవరైనా అంటే అది ఒక చుక్కా, ఒక ఎంఎలా అని అడిగి తీరాలి.

ఎంఎల్‌కి 20 చుక్కలు అనే లెక్క నీళ్లకు, ప్రామాణిక డ్రాపర్‌కి సరిపోయే అంచనా మాత్రమే. మందు చిక్కగా ఉన్నా, అందులో నూనె లేదా ఆల్కహాల్ ఉన్నా, డ్రాపర్ మొన లావైనా, సీసా ఒరిగి ఉన్నా చుక్క సైజు మారిపోతుంది. అందువల్ల చుక్కల్లో చెప్పిన డోసును ఎంఎల్‌లోకి, ఎంఎల్‌లో చెప్పినదాన్ని చుక్కల్లోకి ఇంట్లో మార్చకండి. ఒక సీసా డ్రాపర్‌ను ఇంకో సీసాకు వాడకండి. పాత డ్రాపర్ మీద 1 అని ఉన్న గీత దాని సొంత మందుకు రాసింది. కొన్నింటి మీద ఎంఎల్ బదులు ఎంజీ అంకెలు కూడా వేస్తారు.

ఐదో మెట్టు: ఐయూ బరువు కాదు

ఐయూ అంటే అంతర్జాతీయ యూనిట్. అది మందు ఎంత బరువుందో కాదు, శరీరం మీద ఎంత పనిచేస్తుందో చెప్పే కొలత. అందువల్ల ఒక్కో పదార్థానికి ఒక్కో మారకం. విటమిన్ డి 40 ఐయూ అంటే 1 మైక్రోగ్రాము. విటమిన్ ఎ అయితే 1 ఐయూ అంటే 0.3 మైక్రోగ్రాముల రెటినాల్. ఒకదాని లెక్క ఇంకోదానికి పనికిరాదు.

ఇళ్లలో ఎక్కువగా తడబడేది విటమిన్ డి దగ్గర. పసిబిడ్డకు రోజుకు సాధారణంగా 400 ఐయూ చెబుతారు. మన షాపుల్లో ఎంఎల్‌కి 400 ఉన్న డ్రాప్స్ ఉన్నాయి, 800 ఉన్నవీ ఉన్నాయి. 800 సీసా కొంటే అర ఎంఎల్ చాలు. విదేశాల్లో ఒక్క చుక్కలోనే 400 ఐయూ ఉండే సీసాలు అమ్ముతారు. అమెరికాలో ఉన్న కూతురింట్లో అలాంటి సీసా నుంచి “రోజూ ఒక ఎంఎల్” అని పాత అలవాటుతో లాగితే, బిడ్డకు రోజూ ఇరవై, ముప్పై రోజుల మందు ఒక్కసారే వెళ్తుంది.

పెద్దవాళ్లకు వారానికి ఒకసారి ఇచ్చే 60,000 ఐయూ సీసాలు ఇంకో ప్రమాదం. అవి 5 ఎంఎల్ చిన్న సీసాల్లో వస్తాయి. అంటే ఎంఎల్‌కి 12,000. బిడ్డ డ్రాప్స్ అనుకుని అందులోంచి ఒక ఎంఎల్ పట్టిస్తే 400కు ముప్పై రెట్లు. రోజూ అలా జరిగితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. వాంతులు, మలబద్ధకం, ఎక్కువగా మూత్రం పోవడం, పాలు తాగకపోవడం, మందకొడితనం కనిపిస్తాయి. ఇవి కనిపిస్తే డ్రాప్స్ ఆపి, సీసాతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పెద్దల్లో కూడా “వారానికి” అన్నది వదిలేసి రోజూ మింగినవాళ్లను చూశాను. ఐయూ లెక్క వేసేటప్పుడు ఎన్ని రోజులకోసారి అన్నదీ లెక్కలో భాగమే.

మన ఏఎన్ఎం ఇచ్చే విటమిన్ ఎ ద్రావణం ఎంఎల్‌కి లక్ష ఐయూ ఉంటుంది. తొమ్మిదో నెలలో 1 ఎంఎల్, తర్వాత ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి 2 ఎంఎల్, అదీ ఆ సీసాతో వచ్చిన గీతల చెంచాతోనే. ఆ చెంచా పోతే వేరే చెంచాతో సరిపెట్టకూడదు. ఒక ఎంఎల్ తేడా అంటే లక్ష యూనిట్ల తేడా.

ఇన్సులిన్: గీతలు చూసి మోసపోయే చోటు

ఇన్సులిన్ యూనిట్లను ఎంఎల్‌లోకి మార్చే పని రోగికి ఉండకూడదు, సిరంజీ గీతలే ఆ పని చేస్తాయి. కానీ సిరంజీ, సీసా ఒకే జాతివి అయి ఉండాలి. మన దేశంలో ఎంఎల్‌కి 40 యూనిట్లు ఉండే సీసాలు బాగా వాడుకలో ఉన్నాయి, వాటిని యు-40 అంటారు. వాటి సిరంజీకి ఎర్ర మూత ఉంటుంది. చాలా పెన్నుల్లో, కొన్ని సీసాల్లో ఎంఎల్‌కి 100 యూనిట్లుంటాయి, యు-100. దాని సిరంజీ మూత నారింజ రంగు.

20 యూనిట్లు వేసుకోవాల్సిన ఒక పెద్దాయన్ని తీసుకుందాం. ఆయన దగ్గర యు-100 సీసా ఉంది, చేతికి వచ్చింది ఎర్ర మూత సిరంజీ. 20 గీత దాకా లాగితే అర ఎంఎల్ వస్తుంది. ఎంఎల్‌కి వంద కాబట్టి ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు, రెండున్నర రెట్లు. ఆ రాత్రికే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. తిరగేస్తే, యు-40 సీసాకు నారింజ సిరంజీ వాడితే 20 గీత దగ్గర ఉండేది 0.2 ఎంఎల్, అందులో 8 యూనిట్లే. షుగర్ దిగడం లేదని డాక్టరు డోసు పెంచుతూ పోతారు. ఏదో ఒక రోజు సరైన సిరంజీ దొరుకుతుంది, పెంచిన డోసంతా ఒక్కసారి నిజమవుతుంది. రెండోది నిదానంగా జరుగుతుంది కాబట్టి కనిపెట్టడం కష్టం. “ఉన్నట్టుండి షుగర్ ఆగడం లేదు” అన్నవాళ్లను నేను మొదట అడిగేది, ఈ మధ్య సిరంజీ ప్యాకెట్టు మార్చారా అని.

సిరంజీ కొనేటప్పుడు ఇన్సులిన్ సీసానో దాని ఫొటోనో తీసుకెళ్లండి. మూత రంగు ఒక్కదాన్నే నమ్మకుండా, సిరంజీ మీద 40 ఉందా 100 ఉందా చదవండి. పెన్ను కార్ట్రిజ్‌లోంచి సిరంజీతో లాగడం పూర్తిగా మానేయాలి.

ఆరో మెట్టు: కాగితం మీద ఎలా రాయాలి

అత్తగారికో పనమ్మాయికో చెప్పి ఆఫీసుకు వెళ్లేవాళ్లు డోసును నోటితో చెప్పకుండా రాసి సీసాకు రబ్బరు బ్యాండుతో కట్టండి. మన పాపకు ఇలా రాయొచ్చు:

“పారాసిటమాల్ సిరప్, 5 ఎంఎల్‌లో 125 ఎంజీ. ఒకసారికి 150 ఎంజీ, అంటే 6 ఎంఎల్, సిరంజీతో. నాలుగు గంటల లోపు మళ్లీ వద్దు. పట్టిన టైము కింద రాయండి.”

ఎంజీ, ఎంఎల్ రెండూ ఉండటం వల్ల సీసా మారితే చదివినవాళ్లకు తేడా తెలుస్తుంది. అరని .5 అని రాయకండి, చుక్క చెరిగితే 5 అవుతుంది. 0.5 అని రాయండి. ఒకటిని 1.0 అని రాయకండి, 10గా చదువుతారు. యూనిట్లకు ఒక్క ఇంగ్లిష్ అక్షరం యు పెడితే అది సున్నాలా కనిపించి, 4 యూనిట్లు 40 అయిపోతాయి. పూర్తిగా “యూనిట్లు” అని రాయాలి. మైక్రోగ్రాము గుర్తు చేతిరాతలో మిల్లీగ్రాములా కనిపిస్తుంది, ఆ రెంటికీ వెయ్యి రెట్ల తేడా. థైరాయిడ్ మాత్ర అమెరికా చీటీలో 0.05 ఎంజీ అని ఉంటే ఇక్కడి డబ్బా మీద 50 ఎంసీజీ, అంటే మైక్రోగ్రాములు, అని ఉంటుంది. రెండూ ఒకటే. 0.05ని వెయ్యితో గుణించి చూడండి, 50 వస్తుంది.

పొరపాటు జరిగిందని తెలిస్తే

పారాసిటమాల్ ఎక్కువ పడిన బిడ్డ మొదటి రోజు మామూలుగానే ఆడుకోవచ్చు. కాలేయం దెబ్బతిన్న గుర్తులు ఒకటి రెండు రోజుల తర్వాతే బయటపడతాయి. కాబట్టి బాగానే ఉందని ఎదురుచూడకండి. దానికి ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది, ఎనిమిది గంటల లోపు మొదలుపెడితే అది చాలా బాగా పనిచేస్తుంది. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం వద్దు.

ఇన్సులిన్ ఎక్కువ వెళ్లిందని తెలిస్తే, మనిషి మెలకువగా ఉండి మింగగలిగితే వెంటనే పంచదార నీళ్లు ఇచ్చి, షుగర్ చూసి, అక్కడితో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కొన్ని ఇన్సులిన్లు గంటల తరబడి పనిచేస్తూనే ఉంటాయి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

ఏ మందైనా సరే, బయల్దేరేటప్పుడు సీసానూ, దాన్ని కొలిచిన చెంచానో డ్రాపర్‌నో సిరంజీనో కూడా సంచిలో వేసుకోండి. ఎంత పట్టించారో మీరు ఏ మాటల్లో చెప్పినా, డాక్టరు ఆ రెండింటినీ చూసి ఎన్ని ఎంజీలు వెళ్లాయో లెక్క కట్టగలుగుతారు. ఎన్ని గంటలకు పట్టించారో మాత్రం మీరే చెప్పాలి.